కుండీ గులాబీ పూయకపోతే ముందు కొమ్మ చివర చూడండి

"అక్కా, అందరూ చెప్పిన ఎరువులన్నీ వేశాను. ఆకు ఎంత ఏపుగా ఉందో చూడు. పువ్వు మాత్రం లేదు" అంటూ మా చెల్లెలు ఫోటో పంపింది. ఎర్ర పూల హైబ్రిడ్ టీ గులాబీ, అంటే కొమ్మ చివర ఒక్కో పెద్ద పువ్వు పూసే రకం. 10 అంగుళాల కుండీలో 4 అడుగుల ఎత్తు పెరిగింది. కొని తెచ్చిన రోజున దానికి రెండు పువ్వులు, మూడు మొగ్గలు ఉన్నాయట. అవి పూసి రాలిపోయాక 14 నెలలుగా ఒక్క మొగ్గ కూడా కనబడలేదు. ఈలోగా వర్మీకంపోస్ట్ పడింది, యూరియా పడింది, అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు పడ్డాయి, చివరికి ఎప్సమ్ సాల్ట్ కూడా పడింది.

నేను ఎరువుల సంగతి అడగలేదు. కొత్తగా వచ్చిన ఏదైనా కొమ్మ చివరను దగ్గరగా ఫోటో తీసి పంపమన్నాను.

ఎందుకంటే గులాబీ పూయదని మనం అనుకునే చాలా సందర్భాల్లో మొక్క పువ్వు మొదలుపెట్టకుండా ఏమీ ఉండదు. మొదలుపెట్టి, మధ్యలో వదిలేస్తుంది. ఏడాదిలో పదే పదే పూసే నేటి గులాబీలు, అంటే హైబ్రిడ్ టీ, ఫ్లోరిబండా, మినియేచర్ లాంటివి, పూయడానికి ఒక ప్రత్యేక రుతువు కోసం, పగటి పొడవు కోసం ఎదురుచూడవు. కణుపు దగ్గర కన్ను పగిలి చిగురు కొన్ని సెంటీమీటర్లు పెరిగేసరికే దాని కొనలో పువ్వు తయారీ మొదలైపోతుంది. అప్పటికి అది కంటికి ఆనదు. ఆ దశలో కొనకు చాలినంత చక్కెర అందితే అది మొగ్గవుతుంది. అందకపోతే అక్కడే ఎండిపోతుంది. కొమ్మ మాత్రం ఆకులతో కొంత పెరిగి ఆగుతుంది. పూల సాగు చేసేవాళ్లు ఇలాంటి కొమ్మను బ్లైండ్ షూట్ అంటారు.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. పెరుగుతున్న కొమ్మ చివర లేత చిగురు మడతలు మడతలుగా, ఎర్రగా ఉంటుంది. బ్లైండ్ షూట్ చివర ఆ చిగురు ఉండదు. పై ఆకులు పూర్తిగా విచ్చుకుని ముదిరిపోయి ఉంటాయి. వాటి మధ్యలో ఆవగింజ కన్నా చిన్న గోధుమరంగు మొన ఒకటి కనిపిస్తుంది. చెల్లెలు పంపిన నాలుగు ఫోటోల్లో నాలుగూ అవే. అంటే 14 నెలల్లో ఆ మొక్క ఎన్నో పువ్వులు మొదలుపెట్టింది, ఒక్కటీ పూర్తి చేయలేకపోయింది.

ఇక్కడ ఒక మాట. మొగ్గ బఠాణీ గింజంత అయ్యాక నల్లబడి రాలిపోతున్నా, విచ్చుకునే ముందు రేకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతున్నా అది వేరే సమస్య. అక్కడ తామర పురుగులో, కుండీ ఒకరోజు పూర్తిగా ఎండిపోవడమో, తీవ్రమైన వేడో కారణమై ఉంటుంది. ఆ మొగ్గను విప్పి తెల్ల కాగితం మీద దులిపితే సన్నటి గీతల్లాంటి పురుగులు పాకుతూ కనిపిస్తే తామర పురుగే. ఈ వ్యాసం మొగ్గే కనబడని మొక్క గురించి.

మరి చక్కెర ఎందుకు చాలలేదు? ఎరువు మొక్కకు ఆహారం అని మనకు అలవాటైన మాట ఇక్కడే దారి తప్పిస్తుంది. మొక్క ఆహారం ఆకులో ఎండతో తయారయ్యే చక్కెర. ఎరువు దానికి తోడుగా కావలసిన ఖనిజాలు మాత్రమే. ఎండ లేని చోట ఎరువు పెంచడమంటే పొయ్యి వెలిగించకుండా ఉప్పూ కారం పెంచడమే. మన కుండీలో సరిగ్గా అదే జరిగింది.

"మా బాల్కనీలో రోజంతా వెలుతురే" అంది చెల్లెలు. అందరూ అదే అంటారు, అబద్ధమూ కాదు. కానీ కన్ను కొలత పరికరం కాదు. నడినెత్తి ఎండ దాదాపు 1,00,000 లక్స్ ఉంటుంది. అదే సమయంలో బాల్కనీ నీడలో 10,000 లక్స్ దొరికితే గొప్పే, కిటికీ లోపల అయితే ఇంకా చాలా తక్కువ. కంటిపాప సర్దుకుంటుంది గనుక మనకు అన్నీ వెలుతురుగానే కనిపిస్తాయి. ఆకు అలా సర్దుకోలేదు. గులాబీ బాగా పూయాలంటే రోజుకు కనీసం 6 గంటలు సూటిగా ఎండ పడాలని చెప్పేది అందుకే. 4 గంటలైతే కొన్ని పువ్వులు వస్తాయి. 3 గంటల లోపు హైబ్రిడ్ టీ బతుకుతుంది, పూయదు.

కొలవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. మబ్బు లేని ఒక రోజు పొద్దుటి నుంచి గంటకోసారి మొక్క దగ్గరికెళ్లి, ఆకుల మీద చెయ్యి అడ్డుపెట్టి చూడాలి. వేళ్ల నీడ అంచులు స్పష్టంగా కోసినట్టు పడితే అది ఎండ. మసగ్గా పరుచుకున్నట్టు పడితే లెక్కలోకి రాదు. నీడ చూడాల్సింది నేల మీద కాదు, ఆకుల ఎత్తులో. గ్రిల్ ఊచల మధ్యనుంచి చారలుగా పడే ఎండను సగంగా లెక్కేయండి. చెల్లెలు అలా చూసి రాసుకొచ్చింది: 7.10కి ఎండ మొదలు, 9.40కి పై అంతస్తు స్లాబు నీడ వచ్చేసింది. మొత్తం రెండున్నర గంటలు. అందులోనూ ముప్పావు గంట గ్రిల్ చారలే.

ఇంకో చిక్కు ఉంది. ఆకాశంలో సూర్యుడి దారి ఏడాది పొడవునా ఒకేలా ఉండదు కాబట్టి, ఒక నెలలో 5 గంటల ఎండ తగిలిన మూలకు మరో నెలలో గంటన్నరే తగలొచ్చు. మూణ్ణాలుగు నెలలకోసారి ఈ లెక్క మళ్లీ వేసుకోవడం మంచిది. "పోయినేడు ఇదే చోట పూసింది" అనే మాటకు చాలాసార్లు జవాబు ఇదే.

కొన్నప్పుడు ఉన్న పువ్వుల గుట్టు కూడా ఇక్కడే ఉంది. ఆ మొగ్గలు తయారైంది నర్సరీలో, నిండు ఎండలో. కాండంలో, వేళ్లలో దాచుకున్న నిల్వలతో కలిపి అవి మన ఇంట్లో విచ్చుకున్నాయి. పాత జీతం డబ్బులతో కొత్త ఊళ్లో నెల గడిపినట్టు. నిల్వ అయిపోయాక రెండున్నర గంటల ఎండతో వచ్చే రాబడి ఆకులు నిలబెట్టుకోవడానికి సరిపోయింది, పువ్వుకు మిగల్లేదు.

అయితే కత్తిరించేస్తే పూస్తుంది కదా అని చాలామంది అడుగుతారు. పూస్తుంది, ఎండ ఉంటే. కత్తిరింపు చేసే పని కొత్త కొమ్మలు పుట్టించడం. కొమ్మ చివర ఉన్న చిగురు కింది కన్నులను నిద్రలోనే ఉంచుతుంది. దాన్ని తీసేస్తే కోత కింద ఉన్న కన్ను లేస్తుంది. ఈ గులాబీల్లో పువ్వు కొత్త కొమ్మ చివరే వస్తుంది కాబట్టి కొత్త కొమ్మ అంటే పువ్వుకు ఒక అవకాశం. కానీ కత్తిరించినప్పుడు మనం ఆకులు కూడా తీసేస్తున్నాం, కాండంలో ఉన్న నిల్వ కూడా తీసేస్తున్నాం. నీడలో ఉన్న మొక్కను సగానికి నరికితే అది మిగిలిన కాస్త నిల్వతో కొత్త ఆకులు వేసుకుంటుంది, ఆ కొమ్మలు కూడా బ్లైండ్ అవుతాయి. మళ్లీ నరుకుతాం. మూడుసార్లు ఇలా అయిన మొక్కలో కొమ్మలు అగ్గిపుల్లలంత సన్నబడటం చూడొచ్చు. నీడలో ఉన్న గులాబీని కత్తెరతో దారిలో పెట్టాలనుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే పొరపాటు. ఎరువు ఎక్కువైతే కడగొచ్చు, తీసేసిన ఆకును తిరిగి అతికించలేం.

అందుకే వరుస ముఖ్యం: ముందు చోటు, తర్వాత కత్తెర, చివర ఎరువు.

చెల్లెలికి డాబా మీద పిట్టగోడ పక్కన 7 నుంచి 1 వరకు ఎండ తగిలే చోటు దొరికింది. ఉదయపు ఎండ దొరికితే అదృష్టమే. రాత్రి తడి త్వరగా ఆరిపోవడం వల్ల నల్లమచ్చ తెగులు తగ్గుతుంది, మధ్యాహ్నపు మంట నుంచి కుండీ తప్పించుకుంటుంది. నీడలో పెరిగిన ఆకులు పల్చగా ఉంటాయి గనుక ఒక్కసారిగా ఎండలో పెడితే మాడిపోతాయి. మొదటి మూడు రోజులు 2 గంటలు, తర్వాత మూడు రోజులు 4 గంటలు, ఆ తర్వాత పూర్తిగా అక్కడే ఉంచమన్నాను. అలా పెట్టాక మూడు వారాలు కత్తెర ముట్టుకోవద్దన్నాను. ఉన్న పాత ఆకులు ఆ కొత్త ఎండలో పనిచేసి కాండంలో కొంత నిల్వ వేయాలి, కత్తిరించాక లేచే కన్నులు బతికేది ఆ నిల్వ మీదే.

ఆ మూడు వారాల్లో కుండీని కడిగే పని పెట్టుకున్నాం. యూరియాలో 46 శాతం నైట్రోజన్. తోటలో నేలకు వేసినప్పుడు అది చుట్టూ పరుచుకుంటుంది. 8 లీటర్ల మట్టిలో వారం వారం చెంచాడు వేస్తే అది ఎక్కడికీ పోదు. మట్టి పైన, కుండీ అంచుల వెంట తెల్లటి పొర పేరుకుంది, కింది ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగులోకి మారాయి. ఈ రెండూ కలిసి కనిపిస్తే లవణాలు పేరుకున్నాయనే అర్థం. విరుగుడు మామూలు నీళ్లే: కుండీ పరిమాణానికి రెండు మూడింతలు, ఇక్కడ 20 లీటర్లకు పైగా, నెమ్మదిగా పోసి అడుగు రంధ్రాల నుంచి పూర్తిగా కారనివ్వాలి. కింద పళ్లెం ఉంటే తీసేయాలి, లేకపోతే కారిన ఉప్పు మళ్లీ పైకి పీల్చుకుంటుంది.

నైట్రోజన్ ఎక్కువైతే పువ్వు రాదన్న మాట సగం నిజం. ఎండ బాగా ఉన్నచోట కాస్త ఎక్కువైనా గులాబీ పూస్తుంది. ఎండ తక్కువ ఉన్నచోట మాత్రం ఆ నైట్రోజన్ పెద్ద పెద్ద మెత్తని ఆకులుగా మారి, పై ఆకులు కింది ఆకులకు నీడ పడేలా చేస్తుంది. ఆకుల గుండా వడకట్టి వచ్చే వెలుతురులో ఎర్ర కాంతి దాదాపు మిగలదు. కింది కన్నులు ఆ తేడాను పసిగట్టి, పైన ఎవరో ఉన్నారనుకుని లేవకుండా ఉండిపోతాయి. కాబట్టి ఏపుగా ఉన్న మొక్క తనకు తానే నీడ.

మూడు వారాలయ్యాక కత్తిరింపు. మొక్కకు మొత్తం తొమ్మిది కాండాలు ఉన్నాయి. రెండు చచ్చిపోయాయి, గోరుతో గీరితే లోపల పచ్చదనం లేదు. ఒకటి లోపలికి పెరిగి మరోదాన్ని రాసుకుంటోంది. ఇంకొకటి చూడటానికి అన్నిటికన్నా బలంగా, నిటారుగా, లేత ఆకుపచ్చగా ఉంది. చెల్లెలికి అదంటే ముచ్చట, "ఇదే బాగా పెరుగుతోంది" అంది. దాని మొదలు దగ్గర మట్టి పక్కకు జరిపి చూస్తే అది అంటు కట్టిన చోట ఉండే బుడిపె కింద నుంచి వచ్చింది. అంటే అది మనం కొన్న ఎర్ర గులాబీ కాదు, దాని వేళ్ల కోసం వాడిన నాటు గులాబీ పిలక. అది పెరిగినకొద్దీ పై మొక్కకు నీళ్లూ ఖనిజాలూ తగ్గుతాయి. దాని ఆకులో ఏడు చిన్నాకులు ఉంటాయని, మంచి గులాబీకి అయిదే ఉంటాయని ఒక నమ్మకం ఉంది. కొన్ని మంచి రకాలకూ ఏడు ఉంటాయి, కాబట్టి ఆకు లెక్క చూసి కోయొద్దు. ఎక్కడి నుంచి పుట్టిందో చూడటమే సరైన పరీక్ష. పిలకను కత్తిరిస్తే మొదట్లో ఉన్న కన్నుల నుంచి మళ్లీ వస్తుంది గనుక పుట్టిన చోటికంటా పీకేయాలి.

ఆ నాలుగూ పోగా అయిదు మిగిలాయి. వాటిలో పెన్సిల్ లావున్న నాలుగింటిని 40 సెంటీమీటర్ల దగ్గర, బయటి వైపు చూస్తున్న కన్నుకు అర సెంటీమీటరు పైన కోశాం. అయిదోది సన్నది. దాన్ని కోయలేదు, వంచి కుండీ అంచుకు అడ్డంగా కట్టాం. పూల వ్యాపారం కోసం గులాబీ పెంచేవాళ్లు చేసే పనే ఇది. పువ్వు ఇవ్వని బలహీనమైన కొమ్మలను తీసేయకుండా కిందికి వంచుతారు. వాటి ఆకులు చక్కెర తయారు చేస్తూనే ఉంటాయి, పైన లేచే బలమైన కొమ్మలకు అడ్డు రావు. ఆకులన్నీ పోయిన కుండీ మొక్కకు అలాంటి ఒక కొమ్మ మిగలడం పెద్ద ఆసరా.

ఇలా కత్తిరించడం పదే పదే పూసే రకాలకే. ఏడాదికి ఒక్కసారే పూసే పాతకాలపు గులాబీలు, కొన్ని తీగ గులాబీలు నిరుడు పెరిగిన కొమ్మ మీద పూస్తాయి. పూతకు ముందు వాటిని కత్తిరిస్తే ఆ ఏటి పువ్వులన్నీ కత్తెరకే పోతాయి. వాటికి పూత అయ్యాకే కోత. ఐరోపాలోని పాత గులాబీలు ఎక్కువగా ఈ కోవకే చెందినవి. 18వ శతాబ్దం చివర్లో చైనా గులాబీలు అక్కడికి చేరాకే విడవకుండా పూసే గుణం వాటిలో బాగా కలిసింది. 1867 నాటి లా ఫ్రాన్స్‌ను మొదటి హైబ్రిడ్ టీగా చెప్పుకుంటారు. పూతను ఆపి ఉంచే ఒక జన్యువులోకి వేరే డీఎన్ఏ ముక్క దూరి దాన్ని పనిచేయకుండా చేయడమే ఈ నిరంతర పూతకు మూలమని తర్వాత తేలింది. మన బాల్కనీల్లో గులాబీ నెలనెలా పూయాలని ఆశించగలుగుతున్నామంటే ఆ ప్రమాదం పుణ్యమే.

కత్తిరించిన రోజే గుప్పెడు ఎరువు వేయడం మనకు అలవాటు. ఆ రోజు మొక్కకు ఆకులు దాదాపు లేనట్టే, నీళ్లు పీల్చే శక్తీ తక్కువ. మొదటి చిగుళ్లు దాచుకున్న నిల్వతోనే వస్తాయి. చిగుళ్లు 2 అంగుళాలు అయ్యేదాకా మామూలు నీళ్లే పోయమన్నాను. ఆ తర్వాత నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాషియం సమపాళ్లలో ఉండే 19-19-19 ఎరువు పొడి లీటరు నీటికి 1 గ్రాము, 10 రోజులకోసారి, తడి మట్టి మీదే. ప్యాకెట్ మీద అంతకన్నా ఎక్కువ రాసి ఉండొచ్చు. కుండీకి తక్కువ మోతాదు తరచుగా ఇవ్వడమే క్షేమం. పువ్వుల కోసం ప్రత్యేకమని ఫాస్ఫరస్ దట్టించి అమ్మే వాటి మీద నాకు నమ్మకం లేదు. మొక్కకు ఫాస్ఫరస్ కావలసింది నైట్రోజన్ కన్నా చాలా తక్కువ, ఎక్కువైతే ఇనుము అందకుండా అడ్డుపడుతుంది. అరటి తొక్క నీళ్లలో కొంచెం పొటాషియం ఉంటుంది, హాని లేదు, పువ్వూ లేదు. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం లోపానికి మందు, అంటే పాత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపైనప్పుడు. అదే పసుపు కొత్త ఆకుల్లో కనిపిస్తే ఇనుము అందడం లేదు. అప్పుడు కూడా ఇనుము పోయడం కన్నా ముందు చూడాల్సింది మట్టి ఎప్పుడూ చిత్తడిగా ఉందా, పీహెచ్ 7 దాటిందా అన్నది. గులాబీకి 6 నుంచి 6.5 మధ్య బాగుంటుంది.

తర్వాత జరిగింది చెల్లెలు కుండీ మీద మార్కర్‌తో రాసిన తేదీల ప్రకారం చెబుతాను. 9వ రోజుకు కన్నులు ఎర్రగా ఉబ్బాయి. 24వ రోజుకు ఎనిమిది కొమ్మలు, ఒక్కోటి జానెడు లోపు. 31వ రోజున అయిదు కొమ్మల చివర బఠాణీ గింజంత మొగ్గలు. మిగతా మూడు బ్లైండ్. ఆ మూడూ ఎక్కడివో చూడమన్నాను. రెండు కాండాల కింది కణుపుల నుంచి వచ్చినవి, ఒకటి లోపలి వైపు తిరిగింది. ఒకే మొక్కలో, ఒకే ఎరువుతో, నీడలో పడిన కొమ్మలు పూయలేదు, ఎండలోకి వచ్చినవి పూశాయి. 47వ రోజున మొదటి పువ్వు విచ్చుకుంది.

కోత నుంచి పువ్వుకు మామూలుగా 6 నుంచి 8 వారాలు పడుతుంది, చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. మూడో వారంలోనే టెన్షన్ పడి ఇంకో ఎరువు వేసేవాళ్లు చాలామంది. ఆ సమయంలో చూడాల్సింది కొమ్మ చివర మాత్రమే: ఎర్రగా, మడతగా ఉందంటే పని జరుగుతోంది.

డాబా లేనివాళ్లకు, ఎంత వెతికినా 4 గంటలు దాటనివాళ్లకు నేను చెప్పేది హైబ్రిడ్ టీని వదిలేయమనే. పెద్ద పువ్వుకు పెద్ద ఖర్చు. మినియేచర్, చిన్న పూల ఫ్లోరిబండా రకాలు ఆ ఎండతో కొంత నెట్టుకొస్తాయి. వాటికీ నాలుగైదు కాండాలకు మించి ఉంచకూడదు. కత్తిరింపు కూడా సగానికి కాకుండా పైనుంచి పావు వంతే, ఆకు వీలైనంత మిగిలేలా.

చెల్లెలి మొక్క ఇప్పుడు రెండో విడతలో ఉంది. వాడిన పువ్వును మెడ దగ్గర తుంచకుండా, కిందికి వస్తూ అయిదు చిన్నాకులున్న మొదటి బలమైన ఆకు పైన కోయమన్నాను. పువ్వు దగ్గరి మూడు చిన్నాకుల చోట కోస్తే కొమ్మ తొందరగా వస్తుంది కానీ పొట్టిగా, సన్నగా వస్తుంది. వాడిన పువ్వును అలాగే వదిలితే కాయ కడుతుంది, మొక్క శక్తి గింజలకు పోతుంది. ఒక పువ్వును మాత్రం ముద్దొచ్చి కోయలేదట. అది కాయ కట్టి నారింజ రంగులోకి తిరుగుతోంది. ఆ కొమ్మ మీద కొత్త చిగురు ఇంకా లేదు.